పాత కస్టమర్లకు కొత్త సైట్ సంగతి ఎలా చెబుదాం
(వార్షిక సర్వసభ్య సమావేశంలో మార్కెటింగ్ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



మన పచ్చళ్లు, పొడులు అమ్మడానికి సమాఖ్య వెబ్‌సైట్ మొదలవుతోంది. ఇన్నాళ్లూ పటమట నుంచో గుడివాడ నుంచో ఒకావిడ "కిలో ఆవకాయ, అరకిలో గోంగూర పంపమ్మా" అని వాట్సాప్ పెడితే పుస్తకంలో రాసుకుని పంపేవాళ్లం. అలాంటి పాత కస్టమర్లకు ఈ మార్పు గురించి మనం పంపే కబురు ఇది:

"నమస్కారమండీ. మన పచ్చళ్లు ఇకనుంచి వెబ్‌సైట్‌లో కూడా ఆర్డర్ చేసుకోవచ్చు. మా పాత ఫోన్ నంబరు మారలేదు. మీరు ఇప్పటికే డబ్బు కట్టిన ఆర్డరు కొత్త సైట్‌లో కనపడదు. అది మా పుస్తకంలో భద్రంగా ఉంది, మీకు అందుతుంది. సీసా పగిలినా, నూనె కారినా ఫొటో తీసి ఇదే నంబరుకు పంపండి. మేము ఫోన్ చేసి ఓటీపీ గానీ, పిన్ గానీ అడగము."

ఇందులో ఒక్కో మాట ఎందుకు పెట్టామో చెబుతాను.

నంబరు మారలేదని ముందే ఎందుకు చెప్పాలి? సైట్ పెట్టారనగానే పెద్ద వయసువాళ్లు ఇక ఫోన్లో తీసుకోరేమో అనుకుంటారు. అడగటానికి మొహమాటపడి పక్క కొట్లో కొనేసుకుంటారు. వాళ్లు ఫోన్ చేస్తే ఆర్డరు తీసుకుని, ఆఫీసు లాగిన్‌తో మనమే సైట్‌లో ఎక్కిస్తాం. ఇక పుస్తకంలో ఒకటి, సైట్‌లో ఒకటి రాసుకుంటూ పోకూడదు. సైట్‌లో పది సీసాలు ఉన్నాయని చూపిస్తోందనుకోండి. ఫోన్లో వచ్చిన నాలుగు ఎక్కించకపోతే, సైట్ ఆ పదీ అమ్మేస్తుంది. నలుగురి దగ్గర డబ్బు తీసుకుని సరుకు లేదని చెప్పాల్సి వస్తుంది.

రెండోది, పాత ఆర్డర్ల మాట. మామిడికాయలు రాకముందే ఆవకాయకి అడ్వాన్సు కట్టినవాళ్లు ఉంటారు. వాళ్లు కొత్త సైట్ తెరిస్తే "ఆర్డర్లు లేవు" అని కనిపిస్తుంది. డబ్బు పోయిందని గుండె గుభేలుమంటుంది. కొందరు మళ్లీ కట్టేస్తారు కూడా. అందుకే ఇలాంటివాళ్లకి కబురు ఒక్కటే సరిపోదు. పుస్తకం చూసి, కట్టిన మొత్తం, సరుకు ఎప్పుడు పంపుతామో చెబుతూ ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చెయ్యాలి.

మూడోది ఫిర్యాదు. ఆన్‌లైన్ అమ్మకాల మీద 2020లో కేంద్రం తెచ్చిన వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం, ఫిర్యాదులు చూసే మనిషి పేరు, హోదా, ఫోను వివరాలు సైట్‌లో పెట్టాలి. ఫిర్యాదు వచ్చిన 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కాబట్టి శనివారం సాయంత్రం పగిలిన సీసా ఫొటో వస్తే సోమవారం సాయంత్రం లోపే జవాబు వెళ్లాలి. ఆదివారం ఫోన్ ఎవరి దగ్గర ఉండాలో వంతులు ఇప్పుడే రాసుకుందాం.

నాలుగోది మోసం. "కొత్త సైట్" అని వినగానే దొంగ లింకులు పంపేవాళ్లు తయారవుతారు. సైట్‌లోకి వెళ్లేటప్పుడు కస్టమర్‌కి ఓటీపీ వస్తుంది. దాన్ని ఆవిడే అక్కడ కొట్టుకోవాలి, మనకి చెప్పక్కర్లేదు. ఫోన్ ఆర్డరు మన లాగిన్‌తో ఎక్కిస్తాం కాబట్టి అప్పుడూ ఆవిడ ఓటీపీతో పనిలేదు. డబ్బు వాపసు తీసుకోవడానికి యూపీఐ పిన్ కొట్టనక్కర్లేదని కూడా గట్టిగా చెప్పండి. పిన్ కొడితే డబ్బు పోతుందే గానీ రాదు. ఎవరైనా మోసపోతే ఆలస్యం చెయ్యకుండా 1930 నంబరుకు ఫోన్ చెయ్యమనండి.

ఇక కబురు చేరడం. వాట్సాప్‌లో ఒక బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందే పడతారు. మూడు వందల మంది ఉంటే రెండు జాబితాలు కావాలి. ఇంకో చిక్కుంది. మన నంబరును తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది వెళుతుంది. మనం పంపేశామనుకుంటాం, అవతల వాళ్లకి రానే రాదు. రెండు టిక్కులు పడనివాళ్ల పేర్లు పక్కన రాసుకుని రెండు రోజులాగి ఫోన్ చెయ్యండి. మొదటి నెలంతా ప్రతి పార్శిల్‌లో ఇదే కబురు తెలుగులో అచ్చువేసిన చీటీ పెడదాం.

జాబితాలు ఏ సంఘం దగ్గర ఏవి ఉన్నాయో ఈ సమావేశం అయ్యాక నా దగ్గర రాయించి వెళ్లండి. అడ్వాన్సు కట్టినవాళ్ల పేర్లు మాత్రం ముందు ఇవ్వండి. సైట్ తెరిచేలోపే వాళ్లకి ఫోన్లు వెళ్లాలి.