ఆ అంకె ఎవరిది?

పట్టాలు అందుకున్న మీలో చాలామంది త్వరలోనే ఏదో ఒక వార్తల డెస్కులో కూర్చుంటారు. అందుకే నేరుగా పని సంగతికే వస్తాను.

2019 ఫిబ్రవరి 26 రాత్రి నేను డెస్కులో ఉన్నాను. మన విమానాలు నియంత్రణ రేఖ దాటి వెళ్లాయని, బాలాకోట్ దగ్గర బాంబులు పడ్డాయని భారత్, పాకిస్థాన్ రెండూ ఒప్పుకున్నాయి. అంతవరకు ఎవరి పేరూ చెప్పకుండానే రాయొచ్చు. ఆ తర్వాత ప్రతి వాక్యానికీ ఒక యజమాని ఉండాలి. జైషే మహ్మద్ శిబిరంపై దాడిలో చాలా పెద్ద సంఖ్యలో ఉగ్రవాదులు చనిపోయారని మన విదేశాంగ కార్యదర్శి విజయ్ గోఖలే ప్రకటించారు. బాంబులు ఖాళీ చోట పడ్డాయని, ప్రాణనష్టం లేదని పాక్ సైన్యం ప్రతినిధి ఆసిఫ్ గఫూర్ అన్నారు.

గోఖలే ప్రకటనలో అంకె లేదు. అయినా సాయంత్రానికల్లా టీవీల్లో 300 అని, 350 అని తిరుగుతోంది. మా కుర్రాడొకడు ‘350 మంది ఉగ్రవాదులు హతం’ అని బ్యానర్ రాసుకొచ్చాడు. ‘ఎవరు చెప్పారు నాయనా?’ అని అడిగాను. ‘అన్ని చానళ్లూ చెబుతున్నాయి సార్’ అన్నాడు. పది చానళ్లు ఒకే ‘వర్గాల’ మాటను చెబితే అది పది ఆధారాలు కాదు, ఒక్కటే. దానికి కూడా పేరు లేదు. పేరున్న మనిషి నోట అంకె వినపడింది మార్చి 3న. 250కి పైగా చనిపోయారని అప్పటి బీజేపీ అధ్యక్షుడు అమిత్ షా అహ్మదాబాద్ సభలో అన్నారు. ఆయన అప్పుడు కేంద్ర మంత్రి కాదు. కాబట్టి ‘ప్రభుత్వం తెలిపింది’ అని రాయకూడదు. మర్నాడే వైమానిక దళాధిపతి ధనోవా కోయంబత్తూరులో మాట్లాడుతూ, లక్ష్యానికి తగిలిందా లేదా అన్నదే తాము చూస్తామని, మృతులను లెక్కించబోమని చెప్పారు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది శీర్షిక. కాపీలో ‘అని ఫలానా వారు చెప్పారు’ అని బుద్ధిగా రాస్తారు. శీర్షిక దగ్గరికొచ్చేసరికి చోటు చాలదంటూ మనిషిని తీసేసి అంకెను ఉంచుతారు. స్క్రోలింగ్‌లో అయితే మరీ ఘోరం. పాఠకుల్లో ఎంతోమంది శీర్షిక చూసి పేజీ తిప్పేస్తారమ్మా! మీరు లోపల ఎంత జాగ్రత్తగా రాసినా వాళ్లకు చేరేది ఆ ఒక్క వాక్యమే. చోటు చాలకపోతే అంకెను తీసేయండి, చెప్పినవాడిని ఉంచండి. ఆ రాత్రి మేం వేసింది: ‘పెద్దసంఖ్యలో ఉగ్రవాదుల మృతి: విదేశాంగ కార్యదర్శి’. దాని కిందే, కంటికి ఆనేంత అక్షరాల్లో, ‘ప్రాణనష్టం లేదు: పాక్ సైన్యం’. క్రియల విషయంలోనూ పక్షపాతం చూపకండి. మనవాళ్లు ‘వెల్లడించారు’, వాళ్లు ‘బుకాయించారు’ అని రాస్తే తీర్పు అప్పుడే చెప్పేసినట్టు. ఇద్దరికీ ‘చెప్పారు’ చాలు.

ఇరుపక్షాల మాటలూ వేసి, చివర ‘స్వతంత్రంగా ధ్రువీకరించలేదు’ అని తగిలిస్తే బాధ్యత తీరిందనుకునే వాళ్లున్నారు. తీరదు. ఎందుకు ధ్రువీకరించలేకపోయామో రాయాలి. రాయిటర్స్ విలేకరులు పక్కనున్న జాబా గ్రామం దాకా వెళ్లగలిగారు. అక్కడ గుంతలు, విరిగిన చెట్లు చూశారు. దాడికి లక్ష్యమని చెప్పిన, కొండపైనున్న మదర్సాకు మాత్రం భద్రతా సిబ్బంది వెళ్లనివ్వలేదు, మూడుసార్లు వెనక్కి పంపారు. ఆ అడ్డగింపు వార్తే కదా!

తర్వాత ప్లానెట్ ల్యాబ్స్ మార్చి 4న తీసిన ఉపగ్రహ చిత్రాన్ని రాయిటర్స్ ప్రచురించింది. మదర్సా భవనాలు నిలబడే ఉన్నాయి. దీంతో అంతా తేలిపోయిందని కొందరు రాసేశారు. ఆ చిత్రంలో ఒక్కో చుక్క నేలమీద 72 సెంటీమీటర్లు. గోడలు కూలితే కనపడుతుంది. పైకప్పులో చిన్న రంధ్రం చేసి లోపల పేలే బాంబు వాడామన్న మన అధికారుల వాదనను అది పూర్తిగా కొట్టిపారేయలేదు, బలపరచనూ లేదు. లోపల ఎంతమంది ఉన్నారన్నది ఏ ఉపగ్రహమూ చెప్పలేదు. కాబట్టి ‘భవనాలు కూలినట్టు చిత్రంలో కనిపించడం లేదు’ అని రాయండి, అక్కడితో ఆగండి.

ఏప్రిల్‌లో, దాడి జరిగిన ఆరు వారాల తర్వాత, పాక్ సైన్యం కొందరు విదేశీ విలేకరులను ఆ మదర్సాకు తీసుకెళ్లింది. భవనం చెక్కుచెదరకుండా ఉందని వాళ్లు రాశారు. అలాంటి కాపీ మీ చేతికొస్తే, ఎవరు తీసుకెళ్లారు, ఎన్నాళ్లకు తీసుకెళ్లారు అన్న రెండు సంగతులూ ఇంట్రోలోనే ఉండేట్టు చూడండి. మూడో పేరాలోకి తోసేసి నా దగ్గరికి తెస్తే, పట్టా ఉన్నా సరే, తిప్పి పంపిస్తాను.