బయోడేటాలో రాసింది, చేతితో చేసింది

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరైన మనలాంటివారిని స్కూలు కమిటీలు, సొసైటీలు ఇంటర్వ్యూ బోర్డులో కూర్చోమని పిలుస్తుంటాయి. బయోడేటాలో నిజమెంతో తేల్చడం ఎలాగో ఒక్క ఉదాహరణతో మనవి చేస్తాను.

లెక్కల గుమాస్తా పోస్టుకు ఒక కుర్రవాడు వచ్చాడనుకోండి. మూడేళ్లపాటు బ్యాంకు రికన్సిలియేషన్ స్టేట్‌మెంట్లు స్వయంగా తయారుచేశానని రాసుకున్నాడు. "ఆ పని వచ్చా?" అని అడిగితే వచ్చనే అంటాడు. "అంటే ఏమిటి?" అంటే పుస్తకంలోది అప్పజెబుతాడు. పని చేసినవాడికే తెలిసే సంగతి అడగాలి. "బ్యాంకు స్టేట్‌మెంటు మీ చేతికి ఎవరిచ్చేవారు? తేడా వస్తే ముందు ఏం చూసేవారు? నెలల తరబడి తెగని పద్దు ఏదైనా గుర్తుందా?" చేసినవాడికి కాలం చెల్లిన చెక్కో, రెండుసార్లు ఎక్కిన చలానో ఏదో ఒకటి గుర్తొస్తుంది. చేయనివాడు "అన్నీ చూసేవాళ్లమండీ" అంటాడు. అక్కడ "మేము" అంటే, "అందులో మీ వంతు ఏమిటి?" అని అడగాలి.

తరువాత కాగితం, పెన్సిలు ఇవ్వండి. క్యాష్‌బుక్కు ప్రకారం బ్యాంకులో మన నిల్వ 48,000 రూపాయలు. మనమిచ్చిన 5,000 చెక్కు ఇంకా బ్యాంకుకు వెళ్లలేదు. బ్యాంకు పట్టుకున్న 200 ఛార్జీలు మన పుస్తకంలో ఎక్కలేదు. బ్యాంకు స్టేట్‌మెంటులో ఎంతుండాలి? చెక్కు మొత్తం కలిపి, ఛార్జీలు తీసేస్తే 52,800. కంగారులో కూడిక తప్పితే పట్టించుకోవద్దు. చెక్కును ఎందుకు కలిపావో చెప్పగలిగితే చాలు. మన కుర్రవాడు చెక్కునూ తీసేశాడు. మెల్లగా అడిగితే, "స్టేట్‌మెంటు అకౌంటెంటుగారు చేసేవారండీ, నేను చెక్కు నంబర్లకు టిక్కులు పెట్టేవాణ్ణి" అన్నాడు.

ఇప్పుడు న్యాయంగా ఏం చేయాలి? నలుగురిలో నవ్వులపాలు చేయకూడదు. ప్రశ్న, జవాబు ఉన్నదున్నట్టు రాసుకోవాలి. ఇవే ప్రశ్నలు మిగతా అభ్యర్థులనూ అడగాలి. అతని అనుమతితో పాత యజమానిని తేదీలు, హోదా, చేసిన పని మాత్రం అడగాలి. టిక్కుల అనుభవానికి తగ్గ మార్కులే వేయాలి. ఒంటరిగా లెక్కలు చూడవలసిన పోస్టైతే అతను పనికిరాడు. పైన అకౌంటెంటున్న పోస్టైతే ఆలోచించవచ్చు. ఏ సంగతీ అతనికే చెప్పాలి.

దొంగ సర్టిఫికెట్టు సంగతి వేరు. కంటితో చూసి తీర్పు చెప్పకుండా, ఇచ్చిన సంస్థకు రాసి రూఢి చేసుకోవాలి. అతని సంజాయిషీ లిఖితపూర్వకంగా తీసుకున్నాకే నిర్ణయం. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు క్రిమినల్ కేసుల వివరాలు దాచినవారి గురించి చెబుతూ, దాచిన విషయం ఎంత చిన్నదో పెద్దదో, పోస్టు ఎలాంటిదో చూడాలన్నది. ఆ తూకం మన బోర్డులకూ వర్తింపజేసుకోవచ్చని నా అభిప్రాయం.

అటు సొసైటీ డబ్బు, ఇటు ఒక కుర్రవాడి బతుకుతెరువు. రెంటికీ మనం జవాబుదారులం. సెలవు.