కమోడ్ కొనే ముందు గోడ నుంచి పైపు సెంటర్ దాకా కొలత ఎలా తీయాలి?

శ్రీకాకుళం, విజయనగరం వైపు చాలామంది కమోడ్ కొనడానికి విశాఖపట్నం వెళ్తారు. షోరూమ్‌లో రంగు, మోడల్, రేటు అన్నీ చూస్తారు. ఇంటికొచ్చి బిగించబోతే వెనక ట్యాంకు గోడకి ఆనిపోతుంది, కింద రంధ్రం పైపు మీదకి రాదు. ఒకసారి సిమెంటు తగిలిన సరుకు షాపువాళ్ళు సాధారణంగా వెనక్కి తీసుకోరు. అందుకే ఈ రోజు ఒక్క కొలత గురించే చెప్తాను. దీన్ని రఫ్-ఇన్ అంటారు.

ముందు మీ ఇంట్లో మురుగు పైపు ఎక్కడుందో చూడండి. నేలలోకి దిగితే ఎస్ ట్రాప్ కమోడ్ కావాలి. వెనక గోడలోకి వెళ్తే పి ట్రాప్ కావాలి. పి ట్రాప్‌కి నేల నుంచి పైపు సెంటర్ ఎంత ఎత్తులో ఉందో కొలవాలి. ఎస్ ట్రాప్‌కి వెనక గోడ నుంచి పైపు సెంటర్ ఎంత దూరమో కొలవాలి. తేడాలు ఎక్కువగా వచ్చేది ఈ ఎస్ ట్రాప్‌లోనే కాబట్టి దాని మీదే మాట్లాడుకుందాం.

అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన వీడియోల్లో కమోడ్ పక్కన ఉండే బోల్టు దాకా కొలవమంటారు. అక్కడి పద్ధతిలో బోల్టులు పైపు సెంటర్‌కి సరిగ్గా అటూ ఇటూ ఉంటాయి. మన దగ్గర కమోడ్‌ని నేలకి స్క్రూలతో బిగిస్తాం, ఆ స్క్రూలు పైపు సెంటర్‌కి సూటిగా ఉండాలని లేదు. వాటిని నమ్మి కొలిస్తే లెక్క తప్పుతుంది. అక్కడ ఎక్కువగా కనిపించే కొలత 12 ఇంచీలు. మన మార్కెట్లో 220 మిల్లీమీటర్లు, 300 మిల్లీమీటర్లు రెండూ బాగా దొరుకుతాయి. షాపులో "తొమ్మిది ఇంచీలు" అంటే అది 220 కావచ్చు, 225 కావచ్చు. అందుకని మిల్లీమీటర్లలోనే అడగండి.

పాత కమోడ్ వెనక వంపు బయటికి కనబడుతుంటే అది నేలలోకి దిగే చోటే కొలవొచ్చు. లోపల దాగి ఉంటే కమోడ్ తీయక తప్పదు. ఇంట్లో ఒకటే బాత్‌రూమ్ ఉంటే, రెండు మూడు మోడళ్ళు స్టాకులో ఉన్నాయని ఫోన్లో కనుక్కుని, ఉదయమే తీసి, కొలిచి, ఆ రోజే కొనుక్కోండి. తీసిన వెంటనే పైపు మూతికి గుడ్డ కుక్కండి. లేకపోతే సిమెంటు పెళ్ళలు లోపల పడతాయి, ఇల్లంతా వాసన కొడుతుంది.

సెంటర్‌ని కంటితో అంచనా వేయొద్దు. గోడ నుంచి పైపు దగ్గరి అంచుకి ఒక కొలత, అవతలి అంచుకి ఒక కొలత తీసుకోండి. రెండూ కలిపి సగం చేయండి. అదే సెంటర్. పైపు సైజు ఎంతో తెలియకపోయినా పర్వాలేదు.

విజయనగరంలో ఒక ఇంటి లెక్క చెప్తాను. పాత టైల్స్ మీద నుంచి దగ్గరి అంచు 175, అవతలి అంచు 285. కలిపితే 460, సగం 230. ఇంటాయన "220 మోడల్ వచ్చేస్తది గదా, ఇంకేటి చూడాల?" అన్నారు. కానీ ఆయన పాత టైల్స్ మీదే కొత్త టైల్స్ అతికిద్దామనుకున్నారు. కొత్త టైలు మందం 8, కింద గమ్ము 4, మొత్తం 12. 230లోంచి 12 తీస్తే 218. రెండు మిల్లీమీటర్లు తక్కువ. ఆ కాస్తకే కమోడ్ ముందుకి నెట్టి బిగించాల్సి వస్తుంది, రంధ్రం పైపుకి పక్కగా కూర్చుంటుంది. మేం ఆ ఒక్క గోడకీ పాత టైల్స్ కొట్టేసి, కొత్తవి పాత మట్టానికే వేయించాం. 230 అలాగే నిలిచింది, 220 మోడల్ వెనక 10 మిల్లీమీటర్ల సందుతో కూర్చుంది.

అంటే కొలవాల్సింది పని అంతా అయ్యాక మిగిలే గోడ నుంచి. గోడ ఇంకా ప్లాస్టరింగ్ దశలో ఉంటే టైలు, దాని కింద సిమెంటు మందం ముందే తీసేయండి. పి ట్రాప్‌కి కూడా ఇదే సూత్రం: నేల మీద కొత్త టైలు వేస్తే నేల నుంచి పైపు ఎత్తు అంత తగ్గుతుంది.

మీ కొలత మోడల్ కన్నా ఎక్కువుంటే ఇబ్బంది తక్కువ. 300 ఉన్న చోట 220 మోడల్ పెడితే వెనక 80 సందు మిగులుతుంది, చూడ్డానికి బాగోదు, ముందు జాగా తగ్గుతుంది, అంతే. తక్కువుంటేనే ప్రమాదం. సెంటర్‌ని కొద్దిగా జరిపే వంకర కాలర్లు దొరుకుతాయి గానీ, అవి కొద్దిపాటి తేడాకే. దారి వంకరయ్యే కొద్దీ మలం అక్కడ ఆగే అవకాశం పెరుగుతుంది.

కొత్తగా బిగించిన కమోడ్ అడుగున తడి కనబడినా, కడిగినా పోని వాసన వస్తున్నా, కింద అంతస్తు స్లాబుకి చెమ్మ దిగినా, మొదట అనుమానించాల్సింది ఈ జాయింటునే. పైన తెల్ల సిమెంటు పూసి ఊరుకోకుండా కమోడ్ తీయించి చూడండి.

షాపుకి వెళ్ళేటప్పుడు రెండు అంచుల కొలతలూ, టైలు మందం కాగితం మీద రాసుకెళ్ళండి. మోడల్ డ్రాయింగ్‌లో ఉన్న అంకె మీ అంకె కన్నా ఎక్కువ కాకుండా చూసుకుని అప్పుడు డబ్బు కట్టండి.