పైత్యరసం దారికి అడ్డం పడితే



రక్తపరీక్ష చేయించుకుని కాగితం చేతికి రాగానే మనం ముందు చూసేది ఏ అంకె పక్కన గుర్తు పెట్టారా అనే కదా! కాలేయం పరీక్షల్లో బిలిరుబిన్ మామూలుగా ఉంటే, “కామెర్లు లేవు, ఫరవాలేదు” అనుకుని కాగితం మడిచి బీరువాలో పెట్టేస్తాం. దాని కిందనే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనీ, జి.జి.టి. అనీ రెండు ఉంటాయి. ఈవేళ ఆ రెండింటి సంగతి చెప్తాను.

నా దగ్గరకు వచ్చిన ఒకావిడ కథతో మొదలుపెడతాను. వయస్సు నలభై ఎనిమిది. రెండు నెలలుగా అరిచేతులూ, అరికాళ్ళూ దురద. పగలు పనిలో పడి మరచిపోయినా రాత్రి పడుకోగానే మొదలవుతుంది. ఒంటిమీద దద్దుర్లేమీ లేవు. సబ్బు మార్చారు, పడదేమోనని వంకాయ మానేశారు, పూతమందులు రాశారు. అప్పుడప్పుడు, ముఖ్యంగా పెళ్ళి భోజనాల తర్వాత, కుడివైపు డొక్క కింద నొప్పి వచ్చి గంటా రెండు గంటలకు తగ్గేది. అది గ్యాసు అనుకున్నారు.

ఆవిడ రక్తపరీక్షలో బిలిరుబిన్ 1.1, అంటే మామూలే. ఎస్.జి.పి.టి. 76. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 364. జి.జి.టి. 290.

ఈ అంకెల్ని దేనికది చూస్తే ఏమీ తెలియదు. ఒక్కొక్కటీ దాని హద్దుకు ఎన్ని రెట్లుందో చూడాలి. ఆ లాబొరేటరీలో ఎస్.జి.పి.టి. హద్దు 40, కాబట్టి 76 అంటే రెండు రెట్లు కూడా కాదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ హద్దు 120, కాబట్టి అది మూడు రెట్లు. కాలేయ కణాలే దెబ్బతిన్నప్పుడు, వైరస్ కామెర్లలో లాగా, ఎస్.జి.పి.టి. పదీ ఇరవై రెట్లు ఎగబాకుతుంది, రెండోది కాస్త పెరిగి ఊరుకుంటుంది. ఈవిడకు అది తిరగబడి ఉంది. దీన్నే వైద్యులు పైత్యరసం నిలిచిన తరహా అంటారు.

కాలేయంలో పుట్టే పైత్యరసం సన్నని నాళాల్లోంచి పెద్ద నాళంలోకి వచ్చి, పిత్తాశయంలో కొంత నిలవ ఉండి, తర్వాత పేగులోకి పోతుంది. వంటింటి తూములో మెతుకులు అడ్డం పడితే నీళ్ళు వెనక్కి ఎగదన్నినట్టు, ఈ దారిలో అడ్డం పడితే రసం వెనక్కి నిలుస్తుంది. నిలిచిన రసం తాకిడికి నాళాల అంచున ఉన్న కణాలు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌ను అదనంగా తయారుచేస్తాయి, అది రక్తంలోకి వస్తుంది. దారి పూర్తిగా మూసుకుపోకపోతే బిలిరుబిన్ ఎలాగో బయటపడుతూనే ఉంటుంది. అందుకే కళ్ళు పచ్చబడకుండానే అడ్డం ఉండవచ్చు.

అయితే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కాలేయం ఒక్కదాని సొత్తు కాదు. ఎముకల్లోనూ పుడుతుంది. ఎదిగే పిల్లల్లో ఎక్కువగా ఉండడం సహజం. గర్భిణికి చివరి నెలల్లో మాయ నుంచి వస్తుంది. డి విటమిను బాగా తగ్గి ఎముకలు మెత్తబడ్డా పెరుగుతుంది. ఇక్కడే జి.జి.టి. సాక్ష్యం పనికొస్తుంది. అది ఎముకల్లోంచి రాదు. రెండూ కలిసి పెరిగితే మూలం కాలేయం వైపే; మొదటిదొక్కటే పెరిగి జి.జి.టి. మామూలుగా ఉంటే ఎముకల వైపు చూడాలి. జి.జి.టి. మాత్రమే పెరిగితే హడలిపోకండి. కాలేయంలో కొవ్వు చేరినా, మద్యం వల్లా, మూర్ఛకు వాడే కొన్ని మాత్రల వల్లా పెరుగుతుంది.

సరే, దారి అడ్డం పడిందని తేలింది. ఎక్కడ పడింది? రక్తపరీక్ష అది చెప్పలేదు. కాలేయం లోపలి సన్నని నాళాల్లోనా, బయటి పెద్ద నాళంలోనా? అందుకు మొదటి పరీక్ష పొట్టకు అల్ట్రాసౌండ్. ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా వెళ్ళాలి. పొద్దున కాఫీ తాగేసి వెళ్ళారనుకోండి, పిత్తాశయం ముడుచుకుపోయి లోపల రాళ్ళున్నా సరిగా కనబడవు.

అందులో వైద్యులు ముఖ్యంగా చూసేది పెద్ద నాళం ఎంత వెడల్పుందని. మామూలుగా ఆరు మిల్లీమీటర్లలోపు ఉంటుంది. వయస్సు మళ్ళినవారికీ, పిత్తాశయం తీసేసినవారికీ ఇంకాస్త ఉండవచ్చు. మన రోగికి పదకొండు మిల్లీమీటర్లుంది. పిత్తాశయంలో చిన్న రాళ్ళు కనబడ్డాయి. కాని నాళం చివరిభాగాన్ని పేగులోని గాలి కప్పేసింది. “రాయి కనబడలేదు” అని రాశారు. ఆవిడ భర్త ఆ మాట చదివి ఎంతో సంతోషించారు! ఇక్కడే చాలామంది పొరబడతారు. నాళం ఉబ్బిందా లేదా అన్నది అల్ట్రాసౌండ్ బాగా చెప్తుంది గాని, నాళంలోని రాయిని తరచు పట్టుకోలేదు.

అందుకని తర్వాత ఎం.ఆర్.సి.పి. చేయించాం. అయస్కాంతం సాయంతో పైత్యనాళాల పటం తీసే పరీక్ష ఇది. ఎక్స్‌రే కిరణాలుండవు, సూదిమందూ సాధారణంగా అక్కర్లేదు. సొరంగం లాంటి యంత్రంలో అరగంట కదలకుండా పడుకోవాలి, చప్పుడు ఎక్కువ. గుండెకు పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. ఈవిడకు నాళం చివర ఏడు మిల్లీమీటర్ల రాయి తేలింది. మరీ చిన్న రాళ్ళు ఇందులోనూ తప్పిపోవచ్చు. అప్పుడు నోటిగుండా పంపే గొట్టం కొసనే అల్ట్రాసౌండ్ ఉన్న పరీక్ష చేస్తారు.

రాయి ఉందని తెలిశాకే ఇ.ఆర్.సి.పి. నోటిగుండా గొట్టం పంపి, నాళం పేగులో కలిసేచోట కొద్దిగా కోసి, రాయిని లాగేస్తారు. వందమందిలో కొద్దిమందికి దీనివల్ల క్లోమగ్రంథి వాస్తుంది కనుక, ఊరికే చూడడానికని దీన్ని చేయించకూడదు. నొప్పి లేకుండా కళ్ళు పచ్చబడి, మనిషి చిక్కిపోతుంటే మాత్రం దారి వేరు. క్లోమగ్రంథి దగ్గర గడ్డ ఏమైనా ఉందేమోనని సి.టి. స్కాను ముందుకొస్తుంది.

నాళం ఉబ్బకపోతే? అప్పుడు అనుమానం సన్నని నాళాల మీదికి పోతుంది. గడిచిన రెండు నెలల్లో వాడిన ప్రతి మందూ చెప్పండి, ఆకుమందులూ చూర్ణాలూ సహా. అమాక్సిసిలిన్‌తో క్లావులనేట్ కలిసిన యాంటీబయాటిక్ మానేసిన కొన్ని వారాలకు కూడా ఇలా చేయగలదు. మందుల తప్పేమీ లేకపోతే ఎ.ఎం.ఎ. అనే రక్తపరీక్ష ఉంది. ఒంటి రక్షణ శక్తే సన్నని నాళాల్ని తినేసే జబ్బు ఒకటి నడివయస్సు ఆడవారికే ఎక్కువగా వస్తుంది. అలసటా, దురదా దాని మొదటి గుర్తులు. దానికి ఏళ్ళ తరబడి వాడవలసిన మాత్రలున్నాయి.

మన ఇళ్ళలో కళ్ళు పచ్చబడగానే పసరు మందుకు పరుగెత్తే అలవాటుంది. నాళంలో ఇరుక్కున్న రాయిని ఏ పసరూ కదిలించలేదు. పచ్చబడిన కళ్ళకు తోడు కుడి డొక్కలో నొప్పి, వణుకుతో జ్వరం వచ్చాయంటే నిలిచిన రసంలో చీము చేరుతోందన్నమాట. తెల్లవారేదాకా ఆగకుండా ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

మన రోగికి రాయి తీశారు, అదే వారంలో పిత్తాశయమూ తీసేశారు. దురద నాలుగు రోజుల్లో పోయింది. మూడు వారాల తర్వాత ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 160 ఉంటే, “ఇంకా దిగలేదేమిటండీ, రాయి మిగిలిందా?” అని బెంగపెట్టుకుని వచ్చారు. రక్తంలో చేరినది సగానికి తగ్గడానికే వారం దాకా పడుతుంది, జి.జి.టి. ఇంకా నిదానంగా దిగుతుంది. తగ్గుతూ వస్తోందా అన్నదే చూడాలి. మళ్ళీ ఎగబాకితే అప్పుడు స్కాను అని చెప్పి పంపాను. రెండు నెలలకు రెండూ హద్దులోకి వచ్చాయి. ఆవిడ వంకాయ కూర మళ్ళీ మొదలుపెట్టారు.