గుండ్రటి కేక్ రెసిపీని ట్రేలోకి మార్చడం ఎలా?

కామెంట్స్‌లో ఎక్కువగా వచ్చిన ప్రశ్న ఇది: "అన్నా, రెసిపీ 8 అంగుళాల గుండ్రటి టిన్‌కి ఉంది, నా దగ్గర పొడవాటి ట్రే ఉంది. కొలతలు ఎంత పెంచాలి?" బర్త్‌డేకి 24 ముక్కలు కోసి పంచాలంటే ట్రేనే సులువు. కానీ అంచనాగా పోస్తే గుడ్లు, నూనె అన్నీ వేస్ట్ అయిపోతాయి. అందుకే ముందు ఒక చిన్న లెక్క చేద్దాం.

స్కేల్ తీసుకుని లోపలి అడుగు కొలవండి, అంచుల బయట నుంచి కాదు. 8 అంగుళాల టిన్‌లో సగం 4. దాని వైశాల్యం, ట్రే వైశాల్యం ఇలా వస్తాయి:

```
3.14 × 4 × 4 ≈ 50
7 × 11 = 77
77 ÷ 50 = 1.54
```

అంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. మన రెసిపీలో 4 గుడ్లు, 120 గ్రాముల మైదా, 120 గ్రాముల చక్కెర, 40 గ్రాముల శెనక్కాయ నూనె, ఒక టీస్పూన్ బేకింగ్ పౌడర్ ఉన్నాయనుకోండి. ట్రేకి 6 గుడ్లు, 180 మైదా, 180 చక్కెర, 60 నూనె, ఒకటిన్నర టీస్పూన్ పౌడర్. అన్నీ ఒకే లెక్కన పెరగాలి. రెసిపీలో 3 గుడ్లే ఉంటే నాలుగున్నర వస్తుంది కదా? ఐదో గుడ్డు గిలక్కొట్టి, తూకం వేసి, అందులో సగం పోయండి.

ఇప్పుడు టైమ్. చాలామంది ఇక్కడే పొరబడతారు. పిండి ఒకటిన్నర రెట్లు అయిందని 30 నిమిషాలను 45 చేసేస్తారు. వద్దు! కేక్ ఎంత సేపట్లో ఉడుకుతుందనేది ముఖ్యంగా దాని మందాన్ని బట్టి ఉంటుంది, మొత్తం బరువును బట్టి కాదు. మన లెక్కలో పిండి మందం మారలేదు, కాబట్టి వేడి అదే 180 డిగ్రీలు, టైమ్ కూడా కాస్త అటూ ఇటూగా అదే 30. 25వ నిమిషం నుంచి టూత్‌పిక్ గుచ్చి చూడండి. మధ్యలో గుచ్చాలి, ఎందుకంటే ట్రేలో మూలలు ముందే ఉడికిపోతాయి. పుల్లకు తడిపిండి అంటితే ఇంకో 3 నిమిషాలు ఉంచండి. మధ్య ఉడికేలోపే మూలలు నల్లబడుతుంటే పైన ఫాయిల్ కప్పండి.

కొలతలు పెంచకుండా 4 గుడ్ల పిండే ట్రేలో పోస్తే? మందం మూడింట రెండు వంతులకు తగ్గుతుంది. అప్పుడు 18వ నిమిషం నుంచే చూడాలి. 30 ఉంచితే బిస్కెట్‌లా ఎండిపోతుంది.

ఇంకొకటి. ట్రే గోడలు బాగా ఏటవాలుగా ఉంటే ఈ లెక్క సరిగ్గా కుదరదు. టిన్‌లో పిండి వచ్చే ఎత్తు వరకు నీళ్లు పోసి గ్లాసుతో కొలవండి, ట్రేలోనూ అదే ఎత్తుకు పోసి కొలవండి. ఈ రెండింటి నిష్పత్తే మీ లెక్క. ఆ నీళ్లు మాత్రం పారబోయొద్దు, మనది అనంతపురం! చెట్టుకు పోయండి.

చివరగా, ట్రే కొనేముందు ఓటీజీ లోపల కొలవండి. చుట్టూ ఒక అంగుళం ఖాళీ లేకపోతే వేడిగాలి తిరగదు, ఈ లెక్కంతా తప్పుతుంది. మీ టిన్, ట్రే సైజులు కామెంట్‌లో పెట్టండి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో లెక్క కట్టేద్దాం. బై!