గోదాములో లాభం, ఖాతాలో నష్టం: ఫ్యూచర్స్‌లో ఏ రోజు బాకీ ఆ రోజే ఎందుకు?

(నారాయణరావుపేట మండల రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



అడ్తి దుకాణంలో మన ఖాతా ఎట్లా నడుస్తుందో అందరికీ తెలుసు. విత్తనానికి, మందుకు తెచ్చుకున్నది రాసుకుంటారు. పంట వచ్చాక లెక్క చూస్తారు. ఫ్యూచర్స్ ఖాతా అట్లా నడవదు. అక్కడ రోజూ లెక్క తెగుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక దిగితే, మన అంచనా సరిగ్గా ఉన్నా మునిగిపోతాం.

మన దగ్గర వడ్లు, మక్కలు, పత్తి ఎక్కువ. బాస్మతి కాని వడ్ల ఫ్యూచర్స్‌ను సెబీ 2021 డిసెంబరులోనే ఆపేసింది. మనకు దగ్గర్లో బాగా నడిచేది ఎన్‌సీడీఈఎక్స్‌లో నిజామాబాద్ పసుపు. అందుకే ఆ లెక్కే చూద్దాం.

ఒక లాటు అంటే 5 టన్నులు, 50 క్వింటాళ్లు. మన గోదాములో అంత పసుపు ఉంది, ధర పడిపోతుందని భయం ఉంది. క్వింటా 8,000కు ఒక లాటు ఫ్యూచర్స్‌లో అమ్మామనుకుందాం. విలువ 4 లక్షలు. మార్జిన్ 12 శాతం అనుకుంటే 48,000 కట్టాలి. ఇది ధరలో భాగం కాదు, మాట తప్పబోమని పెట్టే ధరావతు మాత్రమే.

మొదటి రోజు ధర 8,300 దగ్గర ముగిసింది. క్వింటాకు 300 చొప్పున మనకు 15,000 నష్టం. ఆ సాయంత్రమే అది మన ఖాతాలో ఖర్చు రాస్తారు. మర్నాడు మార్కెట్ తెరిచేలోపు క్లియరింగ్ సంస్థకు ఆ డబ్బు చేరాలి. అక్కడి నుంచి అది కొన్నవాళ్లకు పోతుంది. రెండో రోజు 8,600. మరో 15,000. ధర తగ్గిన రోజు ఇదే దారిలో డబ్బు మనకు వస్తుంది.

"నెలాఖరుకు ఒకేసారి కడతాం, ఏమవుతుంది?" అని అడగవచ్చు. మూడో రోజు ధర 9,100 అయిందనుకోండి. ఆ ఒక్క రోజు నష్టం 25,000, మొత్తం 55,000. మనం పెట్టిన ధరావతు 48,000. ఇంకో 7,000 ఎవరు పెట్టుకోవాలి? కొన్న మనిషికి లాభం రావాలి కదా. వ్యవసాయ సరుకుల ధర ఒక రోజులో మొత్తం 6 శాతానికి మించి కదలకుండా హద్దు ఉంది. అంటే 12 శాతం మార్జిన్ రెండు చెడ్డ రోజులకే సరిపోతుంది. ఏ రోజు నష్టం ఆ రోజు వసూలైతేనే ఆ ధరావతు మరుసటి రోజుకు చెక్కుచెదరకుండా ఉంటుంది. బాకీ పెరిగేకొద్దీ ఎగ్గొట్టాలనే ఆశ కూడా పెరుగుతుంది. రోజువారీ వసూలు దానికి చోటివ్వదు.

ఇప్పుడు రైతుకు అసలు చిక్కు ఎక్కడుందో చూద్దాం. ఫ్యూచర్స్‌లో 55,000 పోయిన మూడు రోజుల్లో, గోదాములో పసుపు విలువ కూడా దాదాపు అంతే పెరిగింది. మొత్తం మీద నష్టం లేదు. కానీ పెరిగిన విలువ బస్తాల్లో ఉంది, కట్టాల్సింది నగదు.

2023 మే, ఆగస్టు మధ్య పసుపు ధర రెట్టింపు దాటింది. 8,000కు అమ్మి 16,000 దాకా కాంట్రాక్టు నిలుపుకోవాలంటే లాటుకు 4 లక్షలు నగదు కట్టాలి. కట్టగలిగితే, పసుపు 8 లక్షలకు అమ్మి, కట్టిన 4 లక్షలు తీసేస్తే, మనం అనుకున్న 8,000 ధరే చేతికొస్తుంది. మధ్యలో 12,000 దగ్గర డబ్బు అయిపోతే బ్రోకరు మన కాంట్రాక్టును తెంపేస్తాడు. 2 లక్షలు పోయినట్టే. ఆ తర్వాత ధర మళ్లీ 8,000కు పడిందనుకోండి. పసుపుకు 4 లక్షలు వస్తాయి, పోయిన 2 లక్షలు తీసేస్తే మిగిలేది 2 లక్షలు. క్వింటాకు 4,000. ధర పడుతుందన్న మన భయం నిజమైంది, కానీ రక్షణ దక్కలేదు. నగదు లేకపోవడమే కారణం.

అందుకే సంఘం మాట ఇది. ఉన్న సరుకంతా అమ్మకండి, సగానికి మించవద్దు. మార్జిన్ కట్టేశాం కదా అని ఊరుకోకండి. ధర ఎంత పెరిగేదాకా రోజువారీ బాకీ కట్టగలమో ముందే కాగితం మీద రాసుకోండి. గుర్తింపు ఉన్న గోదాము రసీదుపై బ్యాంకు అప్పు ఎంత వస్తుందో, ఎన్ని రోజుల్లో వస్తుందో ముందే అడిగి పెట్టుకోండి. బాకీ పడ్డాక పరుగెత్తితే ఒక్క రాత్రిలో అప్పు పుట్టదు. ఒంటరిగా కాక ఉత్పత్తిదారుల సంఘం ద్వారా చేస్తే, ఈ నగదు ఎవరి వాటా ఎంతో తీర్మానం రాసుకోండి.

ప్రతి సాయంత్రం ఒక్క లెక్క చేయండి. నిన్నటి ముగింపు ధరకు, ఇవాళ్టి ముగింపు ధరకు తేడా ఎంతో చూసి, దాన్ని 50తో గుణించండి. ఖాతాలో రాసిన అంకె దాంతో కలవకపోతే మర్నాడు పొద్దున్నే బ్రోకరును రాతపూర్వకంగా అడగండి. "నష్టం తర్వాత చూసుకుందాం, నేను కడతాలే" అని ఏ బ్రోకరైనా అంటే అది మేలు కాదు. అది మన పేరు మీద పెరిగే అప్పు.

గోదాములో సరుకు ఉందన్న ధైర్యం ఒక్కటే ఇక్కడ చాలదు. మర్నాటి పొద్దుటికి కట్టే నగదు కూడా ఉందా అని చూసుకున్నాకే ఆ కాగితం మీద సంతకం పెడదాం.