తంబాకు మానినంక: కడుపు, నోరు, చాయ్

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తంబాకు ఎందుకు మానాలో మీకు చెప్పడానికి నేను రాలేదు. అది అందరికీ తెలిసిందే. మానినవాళ్లు పది రోజుల్లో మళ్లీ ఎందుకు పట్టుకుంటున్నారో, అందులో మన చేతిలో ఉన్నది ఎంతో చెప్పడానికి వచ్చాను. అశోక్ చౌక్ నుంచి సాఖర్ పేట, దాజీ పేట దాకా ఎవరిని అడిగినా ఒకటే మాట వినిపిస్తుంది. "మానిన, కానీ పడలే. కడుపు బిగుసుకుపోయింది, నోరంతా పూసింది, రాత్రి నిద్ర లేదు. మళ్లా మొదలువెట్టంగనే అన్నీ సాఫ్ అయినయ్." ఈ మాట విన్నవాళ్లు తంబాకే మందు అనుకుంటారు. అసలు సంగతి వేరు. ఈ మూడింటికీ కారణాలు తెలుసు, ఎన్నాళ్లుంటాయో తెలుసు, ఇంట్లోనే సర్దుకునే ఉపాయాలూ ఉన్నాయి.

అర్థం కావడానికి ఒక మనిషిని ఊహించుకుందాం. నలభై ఐదేండ్ల అన్న. చాదర్ కార్ఖానాలో మగ్గం మీద పని. రోజుకు ఒక కట్ట బీడీలు, ఆరు గ్లాసుల చాయ్. సోమవారం పొద్దున బీడీ ఆపేశాడు. ఇంట్లో వాళ్లమ్మ కూడా కొడుకుతో పాటు మిశ్రీ మానేసింది. ఈ ఇద్దరికీ ఏమవుతుందో చూద్దాం.

మొదట కడుపు. బుధవారానికి ఆ అన్నకు విరేచనం ఆగిపోయింది. తంబాకులోని నికోటిన్ పేగులను కదిలిస్తుంది. పొద్దున బీడీ ముట్టిస్తేనే, మిశ్రీ రుద్దుకుంటేనే కడుపు కదులుతుందని మన పెద్దలు అనేది అబద్ధం కాదు. ఏండ్ల తరబడి ఆ తోపుడుకు అలవాటుపడిన పేగు, అది లేకపోయేసరికి మందగిస్తుంది. మానినవాళ్లలో సుమారు ఆరుగురిలో ఒకరికి ఇట్లా అవుతుంది. పేగు తన పని తాను మళ్లీ నేర్చుకోవడానికి కొన్ని వారాలు పట్టవచ్చు.

మన పనిలో దీనికి ఇంకో రెండు కారణాలు తోడవుతాయి. మగ్గం విడిచిపెట్టి పోలేమని నీళ్లు తక్కువ తాగుతాం, షోలాపూర్ ఎండకు ఉన్న నీరు చెమటగా పోతుంది. వాడకట్టులో సండాసు దగ్గర వరుస ఉంటే, వచ్చినప్పుడు ఆపుకుంటాం. ఆపుకున్న కొద్దీ మలం గట్టిపడుతుంది.

చేయవలసింది ఇది. పొద్దున లేవగానే ఒక పెద్ద గ్లాసు గోరువెచ్చని నీళ్లు తాగి, ఏదైనా కొంచెం తినండి. తిన్న తర్వాత అరగంట లోపల పేగు తనంతట తానే కదులుతుంది. వచ్చినా రాకున్నా రోజూ ఆ వేళకే వెళ్లి కూర్చోండి, ముక్కవద్దు. మగ్గం పక్కన లీటర్ సీసా పెట్టుకుని పాళీ అయ్యేలోగా రెండు సీసాలు ఖాళీ చేయండి. జొన్నరొట్టెతో పాటు మెంతికూరో, పాలకూరో, పప్పో తప్పకుండా ఉండాలి. జామపండు, బొప్పాయి దొరికితే తినండి.

దీనితో కాకపోతే ఇసబ్‌గోల్ పొట్టు రెండు చెంచాలు పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి, గట్టిపడక ముందే తాగేసి, వెంటనే ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. జనం తప్పు చేసేది ఇక్కడే. నీళ్లు తక్కువైతే ఆ పొట్టు లోపల ముద్ద కట్టి ఇంకా బిగదీస్తుంది. అది ఒక్క రాత్రిలో పనిచేయదు, రెండు మూడు రోజులు చూడాలి. బీపీ, షుగర్ గోళీలకూ దీనికీ మధ్య రెండు గంటల ఎడం ఉంచండి. మింగడం కష్టమైనవాళ్లు, గుండె లేదా కిడ్నీ జబ్బుతో నీళ్లు తక్కువ తాగమని డాక్టర్ చెప్పినవాళ్లు అడగకుండా ఇసబ్‌గోల్ వాడవద్దు, నీళ్లూ పెంచవద్దు. మలంలో రక్తం పడినా, కడుపు ఉబ్బి వాంతులైనా, గాలి కూడా పోకున్నా తంబాకు మానినందుకే అనుకుని కూర్చోకండి. అదే రోజు దవాఖానకు పోండి.

రెండోది నోరు. మొదటి వారం దాటేసరికి ఆ అన్న పెదవి లోపల, నాలుక అంచున చిన్న చిన్న పుండ్లు లేచాయి. పొగ తాగడం మానినవాళ్లలో ఇంచుమించు ఐదుగురిలో ఇద్దరికి ఇట్లా పూస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. పొగ వేడికి, ఘాటుకు నోటి లోపలి పొర మందంగా, చర్మం లాగా గట్టిపడి ఉంటుంది. పొగ ఆగాక ఆ గట్టి పొర పోయి మెత్తటి పొర వస్తుంది. అందుకే నోరు కొన్నాళ్లు నాజూకు అవుతుందని అనుకుంటారు. చాలామందికి నాలుగు వారాల్లో ఇది సర్దుకుంటుంది.

ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి, తిన్న ప్రతిసారీ, పడుకునే ముందు పుక్కిలించి ఉమ్మేయండి. పుండ్లు మానేదాకా శేంగ చట్నీ, కడక్ రొట్టె పక్కన పెట్టండి. చట్నీ కారం మండిస్తుంది, ఎండిన రొట్టె అంచు పుండును గీరుతుంది. రొట్టెను పప్పులోనో పాలలోనో నానబెట్టి తినండి. మంట మరీ ఎక్కువైతే తినే ముందు నోటికి రాసే లిగ్నోకైన్ జెల్ మందుల దుకాణంలో దొరుకుతుంది. పుండు మీద సున్నం, పటిక పెట్టవద్దు, కాలుతుంది. నోరు ఊరికే ఉండలేదని సుపారీ పట్టుకోవద్దు. తంబాకు లేని సుపారీ కూడా నోరు బిగుసుకుపోయే జబ్బు తెస్తుంది.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు. మానినప్పుడు వచ్చే పుండు చిన్నగా, గుండ్రంగా, నడుమ తెల్లగా, చుట్టూ ఎర్రగా ఉంటుంది. బాగా నొప్పి పెడుతుంది. ఒక్కో పుండు వారం, రెండు వారాల్లో మానిపోతుంది. కొత్తది లేచినా వేరే చోట లేస్తుంది. భయపడవలసిన పుండు దీనికి తిరకాసు. అది ఒకే చోట మూడు వారాలైనా ఉంటుంది, అంచు గట్టిగా తగులుతుంది, మొదట్లో నొప్పే ఉండకపోవచ్చు. నొప్పి లేదు కదా అని వదిలేసేది దాన్నే. తంబాకు, మావా అదిమిన చోటనో, మిశ్రీ రుద్దిన చిగురు మీదనో తెల్లమచ్చ, ఎర్రమచ్చ మిగిలిపోయినా, మెడలో గడ్డ తగిలినా, నోట్లో నిలువుగా మీ మూడు వేళ్లు పట్టకపోయినా దంతాల డాక్టర్‌కో, చెవి ముక్కు గొంతు డాక్టర్‌కో చూపించండి. మిశ్రీ మానిన ఆ అమ్మ కూడా చిగుళ్లను అద్దంలో వెలుతురు పెట్టి వారానికోసారి చూసుకోవాలి.

మూడోది చాయ్, కాఫీ. ఇది ఎవరూ అనుమానించనిది. మానిన వారానికి ఆ అన్నకు గుండె దడదడ, చేతులు వణుకు, చిరాకు, రాత్రంతా మేలుకోవడం మొదలయ్యాయి. "బీడీ లేకనే ఇట్లయితున్నది" అనుకున్నాడు. అందులో కొంత నిజమే. మిగతాది చాయ్ చేసిన పని.

చాయ్‌లో, కాఫీలో కెఫీన్ ఉంటుంది. కాఫీలో ఇంకా ఎక్కువ. దాన్ని లివర్ విరిచి బయటికి పంపుతుంది. బీడీ పొగలోని కొన్ని పదార్థాలు లివర్‌లో ఆ పనిచేసే భాగాన్ని ఎప్పుడూ ఉరికిస్తుంటాయి. అందుకే పొగ తాగేవాడు ఎన్ని గ్లాసులు తాగినా తట్టుకుంటాడు. పొగ ఆగిన వారంలోపే లివర్ మామూలు నడకకు వస్తుంది. అవే ఆరు గ్లాసులు తాగినా ఇప్పుడు ఒంట్లో కెఫీన్ సుమారు రెండింతలు నిలుస్తుంది. అంటే ఆ అన్న తెలియకుండానే పన్నెండు గ్లాసులు తాగినట్టు.

అందుకని బీడీ ఆపిన రోజు నుంచే చాయ్ సగం చేయండి. ఆరు ఉంటే మూడు. పూర్తిగా ఆపవద్దు, ఒక్కసారి ఆపితే తలనొప్పి, చిరాకు పట్టుకుంటాయి, అదీ బీడీ మీదికే పోతుంది. చివరి గ్లాసుకూ నిద్రకూ మధ్య కనీసం ఆరు గంటలు ఉండాలి. రాత్రి పాళీ చేసి పొద్దున ఎనిమిదికి పడుకునేవాళ్లు రెండు గంటల తర్వాత చాయ్ ముట్టవద్దు. పాళీ నడుమ అందరూ చాయ్‌కు పోతుంటే మీరూ పోండి, మజ్జిగ తాగండి. చాయ్‌తో బీడీ జత కాబట్టి, ఆ గ్లాసు తగ్గితే బీడీ కోరిక కూడా తగ్గుతుంది.

ఇది పొగ తాగినవాళ్లకే. లివర్‌ను ఉరికించేది పొగ, నికోటిన్ కాదు. మిశ్రీ మానిన ఆ అమ్మకు ఈ లెక్క వర్తించదు, ఆమె చాయ్ ఆమె తాగవచ్చు. ఒకే ఇంట్లో ఇద్దరు మానినా ఇద్దరికీ ఒకే సలహా ఇవ్వకూడదనేది ఇందుకే. దమ్ముకు థియోఫిలిన్ గోళీలు వాడేవాళ్లు బీడీ మానుతున్నట్టు డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఆ మందు కూడా ఇదే దారిలో ఒంట్లో పెరుగుతుంది, మోతాదు తగ్గించవలసి రావచ్చు.

నికోటిన్ చూయింగమ్ వాడేవాళ్లకు ఒక మాట. చాయ్, కాఫీ తాగిన పావుగంట దాకా దాన్ని నోట్లో వేసుకోవద్దు, నికోటిన్ సరిగా ఎక్కదు. నోరు బాగా పూసి ఉంటే గమ్ మంట పెడుతుంది. అప్పుడు చర్మానికి అంటించే నికోటిన్ పట్టీ గురించి డాక్టర్‌ను అడగండి.

ఆ అన్న లెక్క ఇప్పుడు మొత్తం చూడండి. మొదటి వారం కడుపు, చాయ్. రెండో వారం నోరు. నాలుగో వారానికి నోరు మానింది, కడుపు దారికొచ్చింది, మూడు గ్లాసుల చాయ్‌తో నిద్ర పడుతున్నది. పదో రోజున, అన్నీ ఒక్కసారి మీద పడ్డప్పుడు, ఇంట్లోవాళ్లు "ఒక్కటి తాగు, పోతది" అనకుండా ఉంటే అతను ఈ నెల దాటుతాడు. ఆ మాట అనాలనిపించినప్పుడు ఉప్పునీళ్ల గ్లాసు చేతికివ్వండి.

తంబాకు మానేవాళ్లకు సలహా చెప్పే ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబర్ 1800-11-2356. తంబాకు డబ్బా మీద కూడా అచ్చై ఉంటుంది. డబ్బా పారేసే ముందు నంబర్ రాసుకోండి.